మంచంలోంచి కనపడే గల్లీ

శాలిబండలో పటాలు కట్టే గుండయ్య దుకాణానికి మీరు ఎప్పుడైనా పటం పట్టుకుని వెళ్లారనుకోండి. ఆయన పటం వైపు చూడడు. మీ వైపు చూస్తాడు. "ఎవరు చూస్తరు దీన్ని? నిలబడి చూస్తరా, కూసోని చూస్తరా, పండుకోని చూస్తరా?" అని అడుగుతాడు. లక్ష్మీదేవి పటానికి అద్దం వేయించుకోవడానికి వచ్చినవాడికి ఈ గొడవంతా ఏమిటో అర్థం కాదు. ఒకాయనకైతే కోపమే వచ్చింది. తల కింద పెట్టి కాళ్లు మీద పెట్టి చూస్తాం, కట్టిస్తావా లేదా అని గట్టిగా అడిగాడు. గుండయ్య నవ్వలేదు, నొచ్చుకోలేదు. గట్లనైతే మేకు కిందికి కొట్టుకోండ్రి అని చెప్పి, కొలత తీసుకున్నాడు.

ఈ అలవాటు ఆయనకు పుట్టుకతో రాలేదు. అంతకుముందు ముప్పై ఏళ్లు ఆయన కూడా అందరు పటాలవాళ్లలాగే ఉండేవాడు. ఫ్రేము కోయడం, అద్దం పెట్టడం, వెనకాల అట్ట వేసి మైదా ఉడికించిన లైతో కాగితం అంటించి మూసేయడం, మేకు తల కంటే ఎత్తున కొట్టుకోమని చెప్పి పంపించడం. పటమంటే పైన ఉండాలి, మనిషి తలెత్తి చూడాలి. దీనికి ఇంకో పద్ధతి ఉంటుందని ఆయన కలలో కూడా అనుకోలేదు. పంతొమ్మిది వందల డెబ్బై నాలుగులో, శ్రావణమాసంలో, ఆయన భార్య ఎల్లమ్మ కాలు జారి పడింది. మారడం అక్కడ మొదలైంది.

ఎల్లమ్మ గురించి చెప్పకుండా ముందుకు పోతే ఆవిడ ఊరుకోదు. పాలమ్మేది. పొద్దున ఐదింటికి క్యాను తీసుకుని బయలుదేరితే శాలిబండ గల్లీల్లో నలభై ఇళ్ల తలుపులు కొట్టి, తొమ్మిదింటికి తిరిగొచ్చేది. ఆవిడ వస్తోందని గల్లీ మొదట్లోనే తెలిసిపోయేది, అంత గొంతు. ఎవరింట్లో కోడలు ఆలస్యంగా లేచింది, ఎవరి మేకపిల్లకు జ్వరం, ఎవరు ఎవరితో లొల్లి పెట్టుకున్నారు, అన్నీ ఆవిడ దగ్గర ఉండేవి. ఏ వస్తువులోనైనా వంక వెతకడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా. గుండయ్య కట్టిన పటాలకు కూడా దుకాణంలోకి వచ్చినప్పుడల్లా వంకలు పెట్టేది. ఈ మూల కలవలేదు, ఈ దేవుడు పక్కకు ఒరిగిండు అని. గుండయ్య విసుక్కునేవాడు, కానీ ఆవిడ వెళ్లిపోయాక టేపు తీసి కొలిచి చూసుకునేవాడు. పదిసార్లకు ఎనిమిదిసార్లు ఆవిడ మాటే నిజమయ్యేది. పిల్లలు లేరు. ఇంట్లో ఇద్దరే, కానీ పదిమంది ఉన్నంత సందడి. ఆ సందడంతా ఒక్కరిదే.

ఒకరోజు వాన పడి, పాలు పోసే ఒక ఇంటి ముందు పాచి పట్టిన మెట్టు మీద కాలు జారింది. పాలన్నీ మెట్ల మీద పారాయి, తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రిలో కాలు లాగి కట్టు కట్టి, మూడు నెలలు వెల్లకిలా పడుకోవాలన్నారు. ఆ మూడు నెలలూ ఆసుపత్రిలో మంచం ఇవ్వలేమన్నారు. ఎదురింటి పుష్పమ్మ అక్కడ ఆయాగా పనిచేస్తుంది కాబట్టి, ఇంటి దగ్గర ఎలా పెట్టుకోవాలో నేర్చుకుని వచ్చి అంతా అమర్చింది. మంచం కాళ్ల వైపు కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేశారు. కాలికి తాడు కట్టి, దాని చివర ఇటుకలు వేలాడదీశారు. పక్కకు దొర్లకుండా అటూ ఇటూ ఇసుక సంచులు. తల తిప్పవచ్చు, చేతులు కదపవచ్చు, అంతే.

ఆ గది దుకాణం వెనకాల ఉంది. కిటికీ లేదు. మంచాన్ని దుకాణంలోకి లాగుదామంటే తలుపు ఇరుకు, పైగా ఇటుకల తాడు. పట్టపగలు కూడా చీకటిగా ఉండే ఆ గదిలో ఎల్లమ్మకు గల్లీ వినపడుతుంది కానీ కనపడదు. మొదటి వారం తిట్టింది. మెట్టును, వానను, డాక్టరును, గుండయ్యను, వరుసగా. రెండో వారం తిట్టడం తగ్గింది. మూడో వారానికి మాట్లాడటమే మానేసింది. అన్నం రెండు ముద్దలు తిని చాలనేది. ముఖం గోడ వైపు తిప్పుకుని ఉండేది.

గుండయ్యకు భయమేసింది. ఎముక అతుక్కుంటుంది, దాని గురించి ఆయనకు ఫికర్ లేదు. మనిషి ఇలాగే గోడ వైపు తిరిగి ఉండిపోతే ఏం చేయాలో ఆయనకు తెలియలేదు. ముప్పై ఏళ్లు ఈ నోరు కాస్త మూసుకుంటే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నాడో, ఇప్పుడు అన్నిసార్లు తనను తాను తిట్టుకున్నాడు.

అప్పుడు ఆయనకు అద్దాల పెట్టె ఆలోచన వచ్చింది. పూజగదుల కోసం అలాంటివి అంతకుముందు నాలుగైదు చేశాడు. లోతు తక్కువగా ఉన్న చెక్క పెట్టె, ముందు అద్దం, లోపల కాగితంతో కోసిన గుడి గోపురం, చెట్లు, వెనకాల కొండ. ఈసారి గుడి కాదు, గల్లీని పెడదామనుకున్నాడు. ఆమెను గల్లీకి తీసుకుపోలేకపోతే గల్లీనే ఆమె దగ్గరికి తేవాలి. ఈ ఆలోచనకు ఆయన తనే మురిసిపోయాడు.

మూడంగుళాల లోతు పెట్టె కట్టాడు. అంత కొంచెం లోతులో పొడవైన గల్లీ కనపడాలంటే దానికో లెక్క ఉంది. కాగితాలను ఐదు వరుసలుగా నిలబెట్టాడు, ఒక్కో వరుసకూ మధ్య అర అంగుళం అట్ట పట్టీలు. ముందు వరుసలో ఇళ్లు జానెడు ఎత్తు, రంగు ముదురు. వెనక్కి పోయేకొద్దీ ఇళ్లు చిన్నవవుతాయి, రంగు పలచబడుతుంది. చివరి వరుసలో ఇళ్లు బొటనవేలంత, రంగు పొగలాంటి బూడిద. వాటి వెనకాల బటర్ పేపరు మీద నీలం రంగు పలచగా పూసి ఆకాశం చేశాడు. కిటికీలను బ్లేడుతో కోసి, వెనక నుంచి పసుపుపచ్చ పతంగి కాగితం అంటించాడు. మేడ మీద ఉండే, కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేసే ఆనందరావు రేడియో డయల్‌లో ఉండే చిన్న బల్బులు, ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు తెచ్చిపెట్టాడు. రెండు బల్బులు పై అంచు చెక్క వెనకాల దాచాడు, నిలబడి చూసేవాడికి బల్బు కనపడకూడదు, వెలుగే కనపడాలి. రెండు ఆకాశం వెనకాల పెట్టాడు. కాగితానికీ బల్బుకూ మధ్య రెండు వేళ్ల దూరం వదిలాడు, వేడి పోవడానికి వెనకాల పైన రంధ్రాలు చేశాడు. స్విచ్చు వైరును మంచం దాకా లాగి ఎల్లమ్మ చేతికి అందేలా కట్టాడు.

అన్నిటికంటే ఎక్కువ కష్టపడింది ఒక బొమ్మ కోసం. బొటనవేలంత ఎత్తు ఆడమనిషి. ఎర్ర చీర, చంకలో పాల క్యాను. మూడు రోజులు పట్టింది. కత్తెర జారి మొదటి రెండు పాడైపోయాయి. దాన్ని రెండో వరుస, మూడో వరుస మధ్య, సరిగ్గా గల్లీ నడుమ నిలబెట్టాడు. దాని గురించి ఎల్లమ్మకు చెప్పలేదు. తనే చూసుకుని ఆశ్చర్యపోవాలి, ఏదో ఒక వంక పెట్టాలి, అదీ ఆయన ఆశ.

మంచానికి రెండో పక్కనున్న గోడకు, నాలుగడుగుల దూరంలో, మేకు కొట్టి పెట్టె తగిలించాడు. ఎక్కడ కొట్టాడో అడగాలా? పటాలు తగిలించే చోటే, తన తల ఎత్తున. అడుగు వెనక్కి వేసి చూశాడు. ఎంత బాగుందంటే, ఆయనకే గల్లీలోకి నడిచి పోవాలనిపించింది. స్విచ్చు వేసి, ఎట్లున్నదే అని అడిగాడు.

ఎల్లమ్మ తల తిప్పింది. చాలాసేపు చూసింది.

"మంచిగున్నది," అన్నది. మళ్లీ ముఖం గోడ వైపు తిప్పుకుంది.

మంచిగున్నదా? ఎల్లమ్మ నోట ఆ మాట! గుండయ్యకు అర్థం కాలేదు. మర్నాడు ఆయనే స్విచ్చు వేశాడు. ఆమె ఒకసారి చూసి కళ్లు మూసుకుంది. వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. స్విచ్చు ఆమె చేతి పక్కనే ఉంది, ఒక్కసారి కూడా తను వేయలేదు. బొమ్మ గురించి ఒక్క మాట లేదు. చూసింది కానీ పట్టించుకోలేదని అనుకున్నాడు. ఒకరోజు కడుపు మండి, వారం రోజులు కళ్లు పోగొట్టుకుని చేసినదానికి విలువ లేదా, గింత పట్టింపు లేని మనిషివి అయినవేందని కోప్పడ్డాడు. ఎల్లమ్మ కంటి చివరి నుంచి నీళ్లు చెవి వైపు జారాయి. అది చూసి దుకాణంలోకి వచ్చి రంపం పట్టుకుని కూర్చున్నాడు, కానీ ఏమీ కోయలేకపోయాడు.

ఆరు వారాలు నిండాయి. ఎముక ఎలా ఉందో ఎక్స్‌రే తీయాలన్నారు. ఆడవాళ్ల వార్డులోకి మగవాళ్లను రానివ్వరు కాబట్టి పుష్పమ్మ తనే వెంట ఉంటానంది. ఆసుపత్రి బండి వచ్చింది, ఎల్లమ్మను స్ట్రెచరు మీద జాగ్రత్తగా ఎత్తుకుపోయారు. వెళ్తూ వెళ్తూ పుష్పమ్మ గుండయ్యకు ఒక పని చెప్పింది.

"నవారు మస్తు వదులైంది అన్నా. నడుము కిందికి పోతున్నది. మేం వచ్చేలోపట గట్టిగ గుంజి కట్టు."

గుండయ్య పరుపు తీసి నవారు విప్పి, కాలు ఆనించి గుంజి గుంజి మళ్లీ అల్లాడు. పరుపు వేశాడు. సరిగ్గా బిగిసిందో లేదో తెలియాలంటే ఎవరైనా పడుకుని చూడాలి. ఇంట్లో ఇంకెవరున్నారు? తనే ఎక్కి, ఎల్లమ్మ ఎలా పడుకుంటుందో అలాగే, వెల్లకిలా పడుకున్నాడు. నవారు బాగానే బిగిసింది. పడుకున్నవాడు ఊరికే ఉండక, చేతి పక్కన స్విచ్చు తగిలితే వేసి, తల తిప్పి పెట్టె వైపు చూశాడు.

బల్బులు. రెండు బల్బులు తిన్నగా కళ్లలోకి కొట్టాయి. పై అంచు వెనకాల దాచిన బల్బులు నిలబడ్డవాడికి కనపడవు, నిజమే. కింద పడుకున్నవాడికి అంచు కింద నుంచి మొత్తం కనపడతాయి. చేయి అడ్డం పెట్టుకుని చూస్తే ఇళ్ల పైకప్పులు కనపడ్డాయి, కొంచెం ఆకాశం కనపడింది. గల్లీ లేదు, మెట్లు లేవు, తలుపులు లేవు. పెట్టె కింది అంచు చెక్క వాటిని మింగేసింది. అంగుళంన్నర లోపల ఉన్నదాన్ని కింది నుంచి అంగుళంన్నర మేర అడ్డుకుంటుంది, అంత ఏటవాలు చూపులో. సరిగ్గా బొమ్మ ఎత్తు అంత.

గుండయ్య మెడ చాచి చూశాడు. తలగడ మీద ఎంత ఎత్తుకు వీలైతే అంత లేచి చూశాడు. ఎర్ర చీర లేదు, క్యాను లేదు. ఆమె చూసిందనుకున్న బొమ్మను ఆమె ఒక్కసారి కూడా చూడలేదు. ఎల్లమ్మ లేని గల్లీని, అదీ పైకప్పుల వరకే, కళ్లలో బల్బు గుచ్చుకుంటుంటే రెండు వారాలు చూసింది. చూసి మంచిగున్నదని చెప్పింది. మొగుడు కష్టపడ్డాడు కదా అని. జీవితంలో మొదటిసారి వంక పెట్టకుండా ఊరుకుంది. తను ఆమె మీద కేకలేశాడు.

పటాలు కట్టే చేతులతో ఆయన ముఖం కప్పుకుని ఆ మంచంలో కాసేపు ఏడ్చాడు. ఎవరూ లేరు కాబట్టి సిగ్గుపడలేదు.

తర్వాత లేచాడు. మేకు కిందికి దించితే ఎలా ఉంటుందని మొదట అనిపించింది. కానీ కింద ఇనుప పెట్టెలు, బియ్యం డబ్బా వరసగా ఉన్నాయి, వాటిని పెట్టడానికి ఇంకో చోటు లేదు. అద్దాల పెట్టెనే ముందుకు వంచాలనుకున్నాడు. పటాలకు పైన తాడు వదిలి కొంచెం ముందుకు వాల్చడం ఆయనకు తెలిసిందే, ఒక వేలంత వాల్చుతారు. ఈసారి పైన తాడు జానెడు వదిలి, కింద రెండు మేకుల మీద ఆనించి, అద్దం సూటిగా తలగడ వైపు చూసేలా వంచాడు. మళ్లీ మంచం ఎక్కి చూశాడు. గల్లీ మొత్తం వచ్చేసింది! మెట్లు, తలుపులు, నడుమ ఎర్ర చీర.

ఆ సంతోషం గంట కూడా నిలవలేదు. లోపలి కాగితాలు నిటారుగా నిలబడటానికి అంటించినవి, ముందుకు వంచితే నిలవడానికి కాదు. బల్బుల వేడికి మెత్తబడి, పైఅంచులు ఒక్కొక్కటే ముందుకు వాలాయి. ఒక్క కాగితపు పట్టీ మీద నిలబడ్డ బొమ్మ, ఆయన చూస్తుండగానే వంగి, ముందుకు పడి అద్దానికి ముఖం ఆనించింది. ఎల్లమ్మ మళ్లీ పడింది. గుండయ్య వెంటనే స్విచ్చు ఆపేసి పెట్టెను కిందికి దించాడు.

సాయంత్రం ఎల్లమ్మను తెచ్చారు. ఎముక పట్టుకుంటున్నదట, ఇంకో ఆరు వారాలు ఇలాగే ఉండాలట. ఆమె ఖాళీ గోడ చూసింది. గుండయ్య, మరమ్మతు చేస్తున్ననని చెప్పాడు. ఏమైందని కూడా ఆమె అడగలేదు.

మర్నాడు ఆయన రెండు గల్లీల అవతల పతంగులు కట్టే బాలనర్సింహ దగ్గరికి పోయి, పతంగుల వెదురు పుల్లలు ఒక కట్ట అడిగి తెచ్చుకున్నాడు. గాలిని తట్టుకునేవి కాగితాన్ని నిలబెట్టలేవా? ఐదు వరుసలనూ మళ్లీ కోశాడు. ఒక్కో ఇంటి వెనకాల నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి పుల్లలు అంటించాడు. బొమ్మ వెనకాల పాదం నుంచి తల దాకా ఒకే పుల్ల, దాని చివరను చెక్కలో రంధ్రం చేసి దిగగొట్టాడు. బల్బుల ముందు నూనె డబ్బా రేకు వంచి మరుగు పెట్టాడు. లై పూర్తిగా ఆరేదాకా రెండు రోజులు ఆగాడు, తడి లోపల ఉంటే బల్బు వేడికి అద్దం లోపల చెమ్మ పడుతుంది. ప్రతి పనికీ ముందు పెట్టెను వంచి పెట్టి, తను దుకాణంలో నేల మీద వెల్లకిలా పడుకుని చూశాడు. గల్లీలో పోయేవాళ్లు, పెద్దాయనకు ఏమైందోనని లోపలికి తొంగిచూశారు. ఆయన పట్టించుకోలేదు.

ఒక్క పని మాత్రం ముప్పై ఏళ్లలో ఎన్నడూ చేయనిది చేశాడు. వెనకాల కాగితం అంటించి మూయలేదు. పలక పెట్టి, రెండు చిన్న ఇత్తడి గొళ్లాలు బిగించాడు.

ఐదో రోజు పొద్దున పెట్టె తగిలించాడు. వంచాడు. తగిలించాక ఆయన అడుగు వెనక్కి వేసి చూడలేదు. మంచం పక్కన నేల మీద కూర్చుని, తల ఎల్లమ్మ తలగడ అంచుకు ఆనించి, ఆమెకు ఏం కనపడుతుందో అదే చూశాడు. అప్పుడు స్విచ్చు ఆమె చేతిలో పెట్టాడు.

"నువ్వే వెయ్యి," అన్నాడు.

ఎల్లమ్మ స్విచ్చు వేసింది. తల తిప్పింది. గది చీకట్లో గల్లీ వెలిగింది. ముందు ముదురు ఇళ్లు, వెనక్కి పోయేకొద్దీ పలచబడే ఇళ్లు, పసుపుపచ్చ కిటికీలు, చివర తెల్లారబోయే ఆకాశం. నడుమ ఎర్ర చీర.

ఆమె కళ్లు అక్కడే ఆగిపోయాయి.

"అగో, గది నేనేనా?" అన్నది చివరికి.

"నువ్వే. మొదటి సంది ఉన్నవు. గీ మంచంల నుంచి కనపడలే. నాకు తెల్వలే."

ఎల్లమ్మ గోడకు చెబుతున్నట్టు మెల్లగా అన్నది, "నేను లేకున్నా గల్లీ మంచిగనే నడుస్తున్నదని చూపిస్తున్నవనుకున్న. నిజమే కదా అనుకున్న."

గుండయ్య ఆమె చేయి పట్టుకున్నాడు. ఆమె చేయి వెనక్కి తీసుకోలేదు. ఇద్దరూ పక్కపక్కన తలలు పెట్టుకుని అలా చూస్తూ ఉండిపోయారు. బయట గల్లీలో ఎవరో కూరగాయలకు బేరమాడుతున్నారు.

కొంచెంసేపటికి ఎల్లమ్మ మెడ చాచింది. కనుబొమలు ముడిపడ్డాయి. గుండయ్యకు ఆ ముడి ముప్పై ఏళ్లుగా తెలుసు.

"ఏందయ్యా, క్యాను గా పక్కకు పెట్టినవు?"

"ఏ పక్కకు?"

"కుడిపక్కకు. నేనెన్నడన్న కుడిచేత పట్టుకున్ననా? ఎడమ చంకల పట్టుకుంట. కుడిచెయ్యితోని తలుపు కొట్టాలె కదా. ముప్పై ఏండ్లు కాపురం చేసినవు, గింత చూడలేదా? ఆ ముందటి ఇంటికి మెట్లు మూడు గాదు, నాలుగు. నాకు తెల్వదా, ఆ నాలుగో మెట్టు మీదనే గదా పడ్డది!"

ఆమె గొంతు దుకాణం దాటి గల్లీలోకి వినపడింది. ఎదురింట్లో పుష్పమ్మ గిన్నె కింద పెట్టి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

గుండయ్య లేచాడు. స్టూలు వేసుకుని ఎక్కి, పెట్టెను దించి, ఒళ్లో బోర్లా పెట్టుకున్నాడు. రెండు గొళ్లాలు తీసి, వెనక పలక తెరిచాడు.

"కత్తెర ఏడున్నదే?" అన్నాడు.

"నీ చెవి మీదున్న పెన్సిలు పక్కన చూసుకో, జేబుల చూసుకో, నన్నడిగితె ఏం తెలుస్తది, పండుకున్నదాన్ని!" అన్నది ఎల్లమ్మ. ఆ మధ్యాహ్నం ఆమె నాలుగు ముద్దలు ఎక్కువ తిన్నది, పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పి.